ఆఫీసు క్యాబ్ రూట్లు వేయడం ఎలా: సీట్లూ చుట్టు టైమూ లెక్కతో, విశాఖ ఉదాహరణతో

రుషికొండ ఐటీ కొండ మీద ఆఫీసు. ఉదయం 9 గంటల లాగిన్‌కు 11 మందిని తీసుకురావాలి. కూర్మన్నపాలెం నుంచి ఎంవీపీ కాలనీ దాకా తలో చోట ఉంటారు. ఎన్ని క్యాబ్‌లు పెట్టాలి, ఎవరిని ఎందులో ఎక్కించాలి, ఎవరికి ఏ టైము చెప్పాలి? ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో కొత్తగా కూర్చున్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. ఈ ఒక్క ఉదాహరణనే మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

## 1. రూటు గీయకముందే నాలుగు అంకెలు రాసుకోండి

సీట్లు. డిజైర్ లాంటి బండిలో డ్రైవరు కాకుండా నలుగురు. ఎర్టిగా ఏడు సీట్ల బండే గానీ ఉద్యోగులకు మిగిలేవి ఆరు. వెండర్ "సెవెన్ సీటర్ పంపిస్తున్నా సార్" అన్నాడని ఏడుగురి పేర్లు రాసేసి, పొద్దున్నే ఒకర్ని రోడ్డు మీద నిలబెట్టిన ఘనత నాకూ ఉంది.

చుట్టు టైము. ఉద్యోగి తన పికప్ పాయింట్ నుంచి నేరుగా ఆఫీసుకు వస్తే పట్టే నిమిషాలు ఒకటి. అదే క్యాబ్‌లో మిగతావాళ్లను ఎక్కించుకుంటూ వస్తే పట్టే నిమిషాలు ఇంకొకటి. ఈ రెంటి తేడానే చుట్టు టైము. ఈ ఉదాహరణలో ఉద్యోగులకు చెప్పిన పరిమితి 25 నిమిషాలు, ప్లానులో నేను వాడేది 20. మిగిలిన ఐదు నిమిషాలు వర్షానికీ ట్రాఫిక్‌కూ వదిలేస్తాను.

ఆగే టైము. ఒక్కో పికప్ దగ్గర 3 నిమిషాలు. బండి పక్కకు తీసి, ఫోన్ చేసి, మనిషి ఎక్కి, ఓటీపీ చెప్పి, మళ్లీ రోడ్డెక్కేసరికి అంత అవుతుంది. దీన్ని సున్నా అనుకుని వేసిన రూటు మొదటి రోజే లేటవుతుంది.

చేరాల్సిన టైము. లాగిన్ 9 అయితే బండి గేటు దగ్గర 8.45కి ఉండాలి. సెక్యూరిటీ చెకింగ్, లిఫ్ట్ క్యూ, సిస్టమ్ ఆన్ కావడం అన్నీ ఆ పావుగంటలోనే.

## 2. ఇంటి అడ్రస్ కాదు, పికప్ పాయింట్ తీసుకోండి

హెచ్‌ఆర్ ఇచ్చే లిస్టులో ఇంటి అడ్రసులుంటాయి. వాటితో రూటు వేస్తే డ్రైవర్ సందుల్లో తిరుగుతూనే ఉంటాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇంటి నుంచి నడిచి రాగలిగే దూరంలో, బండి ఆగడానికి వీలున్న చోటు ఖరారు చేసుకోండి. రాత్రి షిఫ్టులో ఈ పద్ధతి కుదరదు, ఆడపిల్లల్ని ఇంటి గుమ్మం దగ్గరే దించాలి. అప్పుడు ఆ సందు టైము కూడా లెక్కలోకి వస్తుంది.

హైవే మీద పికప్ అయితే ఏ వైపు నిలబడాలో కూడా రాయండి. జాతీయ రహదారి 16కి మధ్యలో డివైడర్ ఉంది. బండి మధురవాడ వైపు వెళ్తుంటే మనిషి అవతలి వైపు నిలబడితే, యూటర్న్ కోసం ముందుకు పోయి వెనక్కి రావాలి. మూడు నిమిషాల పికప్ పది నిమిషాలవుతుంది. "ఎన్‌ఏడీ దగ్గర" అని రాస్తే సరిపోదు. "ఎన్‌ఏడీ, సిటీ వైపు వెళ్లే రోడ్డు పక్కన, ఫలానా షాపు ముందు" అని రాయాలి.

రాసుకోవాల్సినవి ఇంతే:

- పేరు, ఫోన్, పికప్ పాయింట్, రోడ్డుకు ఏ వైపు
- అక్కడ నుంచి ఆఫీసుకు నేరుగా పట్టే టైము
- వారంలో ఏ రోజులు వస్తారు
- రాత్రి డ్రాప్ ఉంటే ఇంటి లొకేషన్

## 3. దూరాలు చూడొద్దు, టైములు కొలవండి

విశాఖలో మ్యాప్ మీద కనిపించే దగ్గరితనం మోసం చేస్తుంది. అడవివరం నుంచి మధురవాడకు గీత గీస్తే పక్కపక్కనే అనిపిస్తాయి. మధ్యలో కంబాలకొండ అడవి ఉంది. మామూలుగా బండి ముడసర్లోవ మీదుగా హనుమంతవాక దిగి, అక్కడ హైవే ఎక్కి ఎండాడ వైపు రావాలి. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం ఉన్న ఊరు కాబట్టి దాదాపు అందరూ హనుమంతవాక దాటే వస్తారు. మన రూట్లన్నీ కలిసే మెడ అదే.

గూగుల్ మ్యాప్స్‌లో చేరాల్సిన టైము పెట్టి, పనిరోజు ఎంచుకుని చూడండి. అది మొదటి అంచనా. తర్వాత డ్రైవర్ల ట్రిప్ షీట్లు తీసి, ఒకే ముక్కకు పది రోజుల టైములు రాసి, వాటిలో ఎక్కువ నుంచి మూడోది వాడండి. సగటు తీసుకుంటే సగం రోజులు లేటే. అన్నిటికన్నా పెద్దది తీసుకుంటే జనం పొద్దున ఆరింటికే లేచి కూర్చోవాలి.

ఈ ఉదాహరణలో వాడుతున్న టైములివి, అన్నీ ఉదయం రద్దీలో నిమిషాలు. మీ షిఫ్టుకు మీరు కొలుచుకోండి, వీటిని ఎత్తి రాసుకోకండి.

| పికప్ పాయింట్ | మంది | నేరుగా ఆఫీసుకు |
|---|---|---|
| కూర్మన్నపాలెం | 2 | 80 |
| గాజువాక | 1 | 68 |
| పెందుర్తి | 1 | 56 |
| వేపగుంట | 1 | 48 |
| ఎన్‌ఏడీ | 1 | 48 |
| గోపాలపట్నం | 1 | 47 |
| అక్కయ్యపాలెం | 1 | 38 |
| అడవివరం | 1 | 33 |
| ఎంవీపీ కాలనీ | 2 | 27 |

గోపాలపట్నానికి 47 ఎలా వచ్చిందని అడుగుతారు. ఎన్‌ఏడీ మీదుగా హైవే పట్టుకుంటే 55 పడుతోంది. సింహాచలం, అడవివరం మీదుగా వెళ్లే బీఆర్‌టీఎస్ రోడ్డులో 47. నేరుగా అంటే తక్కువ టైము పట్టే దారి అని అర్థం.

## 4. దూరంగా ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి

ఎంవీపీ, అక్కయ్యపాలెం లాంటి దగ్గరి చోట్లతో మొదలుపెడితే మొదటి క్యాబ్ ఇట్టే నిండిపోతుంది. చివర్లో కూర్మన్నపాలెం, పెందుర్తి మిగులుతాయి. ఆ రెంటినీ ఒకే బండిలో కలపలేం. అందుకే ఎక్కువ టైము పట్టేవాళ్లను ముందు తీసుకుని, వాళ్ల దారిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చేర్చుకుంటూ రావాలి. ఎవరిని చేర్చినా రెండు ప్రశ్నలు: సీటుందా? ఇప్పటికే ఎక్కినవాళ్లలో ఎవరి చుట్టు టైమైనా 20 దాటిందా?

మొదటి క్యాబ్. కూర్మన్నపాలెం ఇద్దరితో మొదలు. అక్కడి నుంచి గాజువాక 12 నిమిషాలు, ఆగడానికి 3, గాజువాక నుంచి ఆఫీసు 68. మొత్తం 83. నేరుగా అయితే 80, కాబట్టి చుట్టు 3. తర్వాత ఎన్‌ఏడీ. గాజువాక నుంచి 20, ఆగడానికి 3, అక్కడి నుంచి ఆఫీసు 48. కూర్మన్నపాలెం వాళ్లకు మొత్తం 86, చుట్టు 6. నాలుగు సీట్లూ నిండాయి, ఈ క్యాబ్ అయిపోయింది.

రెండో క్యాబ్. మిగిలినవాళ్లలో దూరం పెందుర్తి. అక్కడి నుంచి వేపగుంట 8 నిమిషాలు. వేపగుంట నుంచి అడవివరం దారిలోనే ఉంది, చేర్చినా పెద్ద తేడా రాదు. చిక్కంతా గోపాలపట్నంతోనే. వేపగుంట నుంచి గోపాలపట్నం దిగి (9 నిమిషాలు), మళ్లీ సింహాచలం వైపు ఎక్కి అడవివరం చేరాలి (14 నిమిషాలు). పెందుర్తి అమ్మాయికి లెక్క చూద్దాం: 8, 9, 14, 33 కలిపితే 64. దారిలో మూడు చోట్ల ఆగుతాం, ఇంకో 9. మొత్తం 73. నేరుగా 56 కాబట్టి చుట్టు 17. పరిమితిలోనే ఉంది. వేపగుంటకు 14, గోపాలపట్నానికి 3, అడవివరానికి సున్నా.

మూడో క్యాబ్. అక్కయ్యపాలెం ఒకరు, ఎంవీపీ ఇద్దరు. అక్కయ్యపాలెం నుంచి ఎంవీపీ 14, ఆగడానికి 3, అక్కడి నుంచి 27. మొత్తం 44, చుట్టు 6. ఒక సీటు ఖాళీ.

మూడు డిజైర్లు, 11 మంది. అందరికన్నా ముందు ఎక్కినవాళ్లకే చుట్టు ఎక్కువ రావడం గమనించారా? తర్వాత ఆగే ప్రతి చోటి భారం వాళ్ల మీదే పడుతుంది. అయినా మొదటివాళ్లను మాత్రమే చూసి వదిలేయకండి. మధ్యలో ఎక్కినవాళ్లను వెనక్కి తీసుకెళ్లే రూటైతే వాళ్ల చుట్టే ఎక్కువ కావచ్చు.

## 5. షీట్‌లో రెండు ఫార్ములాలు

ఒక్కో క్యాబ్‌కు ఒక చిన్న పట్టిక. ఎక్కే వరుసలో ఒక్కో పికప్‌ పాయింట్‌కు ఒక్కో వరస, నాలుగు పాయింట్లుంటే 2 నుంచి 5 దాకా. మూడే ఉంటే కింది ఫార్ములాల్లో $5 బదులు $4 రాయండి, లేకపోతే ఖాళీ వరసకూ 3 నిమిషాలు కలిసిపోతాయి. D కాలమ్‌లో ఈ పాయింట్ నుంచి తర్వాతి పాయింట్‌కు నిమిషాలు, చివరి వరసలో ఆఫీసుకు. E కాలమ్‌లో నేరుగా పట్టే టైము. H1 సెల్‌లో ఆఫీసు చేరాల్సిన టైము 8:45.

చుట్టు టైముకు:

```
=SUM(D2:D$5)+3*(ROWS(D2:D$5)-1)-E2
```

బండి ఆ పాయింట్‌కు వచ్చే టైముకు:

```
=$H$1-(SUM(D2:D$5)+3*ROWS(D2:D$5))/1440
```

రెంటినీ కిందికి లాగండి. టైము వచ్చే సెల్స్‌కు టైమ్ ఫార్మాట్ పెట్టండి, లేకపోతే 0.31 లాంటి అంకె కనిపించి కంగారు పడతారు. పెందుర్తి క్యాబ్‌కు నాకు వచ్చిన టైములు: పెందుర్తి 7.29, వేపగుంట 7.40, గోపాలపట్నం 7.52, అడవివరం 8.09.

టైములు ఎప్పుడూ ఆఫీసు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. 7.30కి బయల్దేరితే ఎప్పుడు చేరతాం అని ముందు నుంచి లెక్కేస్తే, రూటు మారిన ప్రతిసారీ చేరే టైము జారిపోతుంది.

ఉద్యోగికి చెప్పేటప్పుడు 7.29ని 7.25 చేయాలనిపిస్తుంది. చేయొద్దు. నాలుగు రోజులు 7.25కి వచ్చి నిలబడి, బండి 7.29కి వస్తోందని తెలిశాక ఐదో రోజు నుంచి 7.32కి వస్తారు.

## 6. "ఎర్టిగా పెడితే రెండు బండ్లే కదా?"

ఒక ఎర్టిగా, ఒక డిజైర్ చాలదా అని మేనేజర్ అడుగుతాడు. ముందు కూడిక చేయండి. ఎర్టిగా ఆరు, డిజైర్ నాలుగు, మొత్తం పది. మనవాళ్లు 11. రూటు గీయకముందే తేలిపోయింది, మూడో బండి తప్పదు.

పోనీ దక్షిణం వైపు అంతా ఎర్టిగాలో తెద్దామన్నా చూడండి. కూర్మన్నపాలెం ఇద్దరు, గాజువాక, ఎన్‌ఏడీ, అక్కయ్యపాలెం, ఎంవీపీ ఒకరు, మొత్తం ఆరుగురు. ప్రయాణం 12, 20, 15, 14, 27 కలిపి 88. నాలుగు చోట్ల ఆగడానికి 12. మొత్తం 100 నిమిషాలు, చుట్టు సరిగ్గా 20. కాగితం మీద పాసే. కానీ ఎంవీపీ రెండో మనిషి మిగిలిపోతాడు, అతనొక్కడికీ ఇంకో క్యాబ్ కావాలి. కూర్మన్నపాలెం వాళ్లు వంద నిమిషాలు కూర్చుంటారు, బండ్ల సంఖ్య మాత్రం తగ్గదు.

ఎర్టిగా వాడితే ఇంకో చిన్న విషయం. ముందు ఎక్కినవాళ్లు వెనక వరసలో కూర్చోవాలి. వాళ్లు మధ్య వరసలో సర్దుకుంటే, తర్వాత ఎక్కేవాళ్ల కోసం ప్రతిచోటా దిగి, సీటు మడిచి, మళ్లీ ఎక్కాలి. మూడు నిమిషాలు నాలుగవుతాయి. అసలు గొడవ ఏంటంటే, ఎక్కువసేపు కూర్చునేవాళ్లకే ఆ ఇరుకు సీటు. ఇద్దరు ముగ్గురు ఉన్న పాయింట్‌లో వారం వారం సీటు మార్చుకోమనండి.

## 7. కొత్త మనిషి చేరితే: గొలుసు మార్పు

సోమవారం నుంచి మల్కాపురం నుంచి ఒకమ్మాయి చేరింది. నేరుగా 60 నిమిషాలు. దగ్గర్లో వెళ్లేది కూర్మన్నపాలెం క్యాబ్, అది నిండిపోయి ఉంది. ఖాళీ సీటు అక్కయ్యపాలెం క్యాబ్‌లో ఉంది, కానీ మల్కాపురం దాని దారిలో లేదు. కొత్తవాళ్లు ఇక్కడే నాలుగో బండి బుక్ చేస్తారు.

ఆగండి. నిండిన క్యాబ్‌లోంచి ఎవరిని బయటికి తీసి, ఖాళీ ఉన్న క్యాబ్‌లో పెట్టగలమో చూడండి. ఎన్‌ఏడీ ఆయన్ని మూడో క్యాబ్‌కు మారిస్తే: ఎన్‌ఏడీ నుంచి అక్కయ్యపాలెం 15, ఎంవీపీ 14, ఆఫీసు 27, రెండు చోట్ల ఆగడానికి 6, మొత్తం 62. నేరుగా 48, చుట్టు 14. సరిపోయింది, ఆ క్యాబ్ నలుగురితో నిండింది.

ఇప్పుడు మొదటి క్యాబ్‌లో సీటు వచ్చింది. గాజువాక నుంచి మల్కాపురం 15. కూర్మన్నపాలెం వాళ్లకు 12, 15, 60, రెండు చోట్ల ఆగడానికి 6, మొత్తం 93. చుట్టు 13. గాజువాకకు 10. మూడు బండ్లలో 12 మంది, ఎవరికీ 20 దాటలేదు.

ఎన్‌ఏడీ ఆయన ఒప్పుకుంటాడా అనేది వేరే సంగతి. ఇన్నాళ్లూ చుట్టు సున్నా, ఇప్పుడు 14. మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ముందురోజే ఫోన్ చేసి, కొత్త టైము చెప్పి, కారణం చెప్పండి. ఆదివారం రాత్రి పదకొండింటికి వచ్చిన రోస్టర్ చూసి సోమవారం పొద్దున మనిషి పాత చోటే నిలబడతాడు.

## 8. రాత్రి డ్రాప్‌కు ఉదయం రూటు తిరగేస్తే సరిపోదు

రాత్రి లాగౌట్ ఉన్నప్పుడు చివరగా దిగేది ఒంటరిగా ఉన్న ఆడపిల్ల కాకూడదు. అలా తప్పకపోతే బండిలో ఎస్కార్ట్ గార్డు ఉండాలి. తెల్లవారుజామున మొదటి పికప్‌కూ ఇదే నియమం. గార్డు ఎక్కాడంటే ఒక సీటు పోయినట్టే, డిజైర్‌లో ముగ్గురే.

పెందుర్తి క్యాబ్‌నే తీసుకోండి. తిరిగి వెళ్లేటప్పుడు అడవివరం, గోపాలపట్నం, వేపగుంట, చివరగా పెందుర్తి. పెందుర్తిలో దిగేది అమ్మాయి. వేపగుంట అబ్బాయిని చివర దించుదామంటే, అతని ఇల్లు దాటి పెందుర్తి వెళ్లి, 8 నిమిషాలు వెనక్కి రావాలి. పగటి టైములతో అతని ప్రయాణం 33, 14, 17, 8, ఆగడానికి 9, మొత్తం 81. నేరుగా 48, చుట్టు 33. రాత్రి రోడ్లు ఖాళీగా ఉండి అన్నీ మూడింట రెండొంతులకు తగ్గినా 20 దాటుతుంది.

కాబట్టి గార్డు తప్పదు. గార్డుతో నలుగురు డిజైర్‌లో పట్టరు. అడవివరం మనిషిని ఎంవీపీ క్యాబ్‌లో వేద్దామంటే హనుమంతవాక నుంచి లోపలికి వెళ్లి రావడానికే 30 నిమిషాలు. ఎర్టిగా ఇక్కడ పనికొస్తుంది: గార్డు, నలుగురు ఉద్యోగులు, ఇంకో సీటు ఖాళీ. ఉదయం దండగ అన్న బండే రాత్రికి సరైనది. రెండు పూటలకూ ఒకే బండి కాంట్రాక్ట్ రాసుకోకండి.

ఇంకోటి, ముందు దిగాల్సినవాళ్లు సెలవు పెట్టిన రోజు వరుస మారిపోతుంది. ప్రతి సాయంత్రం చివరగా దిగేది ఎవరో మళ్లీ చూడాల్సిందే.

## 9. మొదటి వారంలో ఏం తప్పుతుంది, ఎలా తెలుస్తుంది

ట్రిప్ షీట్‌లో ప్రతి పాయింట్‌కూ బండి వచ్చిన టైము, కదిలిన టైము విడివిడిగా రాయించండి. చేరిన టైము ఒక్కటే రాస్తే లేటు ఎక్కడ పుట్టిందో తెలియదు.

- అన్ని పాయింట్లలోనూ ఒకేలా లేటు: బండి మొదటి పికప్‌కే ఆలస్యంగా వస్తోంది. డ్రైవర్ ముందు ట్రిప్ ఎక్కడ ముగిస్తున్నాడో వెండర్‌ని అడగండి. గాజువాక క్యాబ్‌కు డ్రైవర్ మధురవాడ నుంచి ఖాళీగా వస్తుంటే లేటు కాక ఏమవుతుంది?
- ఒక పాయింట్ తర్వాత నుంచే లేటు: అక్కడ వచ్చిన, కదిలిన టైముల తేడా చూడండి. 3 దాటుతోందంటే మనిషో, యూటర్నో కారణం. నియమం ఒకటే: చెప్పిన టైముకు బండి ఉంది, ఫోన్ చేశారు, 3 నిమిషాలైంది, కదలాలి. ఆ నో షోను డ్రైవర్ కాదు, డెస్క్ ప్రకటించాలి.
- దారిలో ఒక ముక్క దగ్గరే లేటు: మీ టైము అంచనా తప్పు. మూడు రోజులు చూసి పట్టికలో అంకె మార్చండి, చుట్టు టైములు వాటంతటవే మారతాయి. 20 దాటితే గ్రూపు మార్చాలి.
- రోజూ పది నిమిషాలు ముందే చేరుతున్నారు: దీని మీద ఎవరూ కంప్లైంట్ ఇవ్వరు, కానీ జనం నిద్ర పోతోంది. పికప్ టైములు ఆ మేరకు ఆలస్యంగా పెట్టండి.

సింహాచలం గిరిప్రదక్షిణ రోజులకు వేరే షీట్ ఉంచుకోండి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యే ఆ 32 కిలోమీటర్ల నడక అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, ఎంవీపీ, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగానే సాగుతుంది. మన మూడు రూట్లకూ ఆ దారి తగులుతుంది. ఆ రోజు చుట్టు టైము లెక్కలేవీ నిలబడవు. పోలీసుల ట్రాఫిక్ మళ్లింపు ప్రకటన రాగానే అడవివరం, గోపాలపట్నం వాళ్లకు ఇంటి నుంచి పని అడగండి. మిగతావాళ్ల పికప్‌లు గంట ముందుగా పెట్టండి.